ఆరుబయట ఫోన్ ఇంటర్వ్యూలో గాలి హోరు: ఏ ఉపాయం ఎంతవరకు, ఎవరికి ఏది

ఆరుబయట ఫోన్‌తో ఇంటర్వ్యూ తీసేవాళ్లకు గాలి హోరు తగ్గించడానికి ఐదు దారులున్నాయి. నిలబడే చోటు మార్చుకోవచ్చు. ఇంకో ఫోన్‌ను మైక్‌లా నోటి దగ్గరకు తేవచ్చు. కాలర్ మైక్ పెట్టవచ్చు. ఒక వైపు శబ్దాన్నే ఎక్కువగా వినే గన్ మైక్‌ను ఫోన్ మీద బిగించవచ్చు. ఇవేవీ చేయకుండా తీసేసి, తర్వాత ఎడిటింగ్‌లో శుభ్రం చేసుకోవచ్చు. చాలామంది చివరి దారి నుంచి ఆలోచన మొదలుపెడతారు. అది కుదరకపోతే ఏదో ఒక మైక్ కొందామనుకుంటారు. చోటు సంగతి ఎవరికీ గుర్తుకే రాదు. నా సలహా ఈ వరుసను తలకిందులు చేయమనే. ఎందుకో తెలియాలంటే ముందు హోరు ఎక్కడ పుడుతుందో చూడాలి.

## హోరు బయటి నుంచి రాదు, మైక్ దగ్గరే పుడుతుంది

ఆకుల గలగల, అలల చప్పుడు దూరం నుంచి గాలిలో ప్రయాణించి మైక్‌ను చేరే శబ్దాలు. హోరు అలాంటిది కాదు. వీస్తున్న గాలి ఫోన్ అంచుకు, మైక్ రంధ్రానికి తగిలి అక్కడే చిన్నచిన్న సుడులుగా విరుగుతుంది. దాంతో రంధ్రం దగ్గర గాలి ఒత్తిడి క్షణక్షణం మారుతుంది. మైక్ లోపలి పల్చటి పొర ఆ ఒత్తిడినీ మాటనూ ఒకేలా తీసుకుంటుంది. అందుకే పక్కన నిలబడి వింటే మాట స్పష్టంగానే ఉంటుంది, రికార్డింగ్‌లో మాత్రం బుర్ర్ర్‌మనే చప్పుడు కింద మునిగిపోతుంది.

ఈ హోరులో బలమంతా ఎక్కువగా 200 హెర్ట్జ్ లోపు, అంటే బాగా లోతైన ధ్వనుల్లో ఉంటుంది. మగగొంతు మూలస్వరం సుమారు 85 నుంచి 155 హెర్ట్జ్ మధ్య, ఆడగొంతుది 165 నుంచి 255 మధ్య ఉంటుంది. కాబట్టి హోరూ గొంతూ కొంతమేర ఒకే చోటు పంచుకుంటాయి. మగగొంతు విషయంలో ఈ చిక్కు ఎక్కువ.

ఇంకొక సంగతి అన్నిటికన్నా ముఖ్యం. గాలి వేగం రెట్టింపైతే మైక్ మీద పడే ఒత్తిడి దాదాపు నాలుగు రెట్లవుతుంది. డెసిబెల్స్‌లో చెప్పాలంటే 12 పెరుగుతుంది. ఇదే లెక్క మనకు అనుకూలంగానూ పనిచేస్తుంది. మైక్‌ను చేరే గాలి వేగాన్ని సగానికి తగ్గించగలిగితే హోరు 12 డెసిబెల్స్ పడిపోతుంది. ఆ పని చేయడానికి ఏ పరికరమూ అక్కర్లేదు, ఒక గోడ చాలు.

హోరు చేసే నష్టం మూడు రకాలు. మొదటిది, మాట వెనకాల సన్నగా సాగే గుమగుమ. దీన్ని తర్వాత చాలావరకు తీసేయొచ్చు. రెండోది, గాలి దెబ్బకు మైక్ తట్టుకోలేక శబ్దం తెగిపోవడం. అప్పుడు టపటప, చరచరమనే చప్పుడు వస్తుంది, ఎడిటింగ్‌లో శబ్దాన్ని గీతలుగా చూపే వేవ్‌ఫామ్‌లో శిఖరాలు కత్తిరించినట్టు చదునుగా కనిపిస్తాయి. మూడోది చాలామంది గమనించనిది. ఫోన్ తనంతట తానే రికార్డింగ్ స్థాయిని సర్దుకుంటూ ఉంటుంది. గాలి గట్టిగా తగలగానే "శబ్దం ఎక్కువైంది" అని లెక్కేసి స్థాయిని తగ్గిస్తుంది, దాంతో మాట కూడా కిందికి పోతుంది. గాలి ఆగాక ఒకటి రెండు క్షణాలకు మాట మెల్లగా పైకి తేలుతుంది. తర్వాత హోరు తీసేసినా మాటలోని ఈ ఎత్తుపల్లాలు అలాగే ఉండిపోతాయి. రెండో నష్టం, మూడో నష్టం జరిగితే ఎడిటింగ్‌లో వాటికి నిజమైన మందు లేదు.

## దేన్ని బట్టి పోల్చాలి

నేను నాలుగు ప్రశ్నలతో పోలుస్తాను.

మొదటిది, ఆ పద్ధతిలో నోటికీ మైక్‌కూ ఎంత దూరం? దూరం సగమైతే మాట 6 డెసిబెల్స్ బలంగా చేరుతుంది, హోరు మాత్రం అంతే ఉంటుంది. రెండోది, మైక్‌ను చేరేలోపు గాలిని ఏదైనా ఆపుతోందా? మూడోది, ఆ పద్ధతి విఫలమైతే మిగిలేది సరిచేయదగ్గ నష్టమా, కానిదా? నాలుగోది, మాట్లాడే మనిషికి అది ఎంత ఇబ్బంది, ఫ్రేములో ఎలా కనిపిస్తుంది?

| పద్ధతి | నోటికి దూరం | గాలిని ఆపేది | ఎక్కడ దెబ్బతింటుంది | మాట్లాడేవారికి ఇబ్బంది |
|---|---|---|---|---|
| చోటు, దిశ మార్చడం | మారదు | గోడ, వాహనం, మనిషి వీపు | గాలి దిశ మారితే | దాదాపు లేదు |
| రెండో ఫోన్ నోటి దగ్గర | 15–20 సెం.మీ. | ఉన్ని లేదా బొచ్చు తొడుగు | పట్టుకున్న చేతి చప్పుడు, వీడియోతో కలపడం | కొంచెం, ఫ్రేములో కనిపిస్తుంది |
| కాలర్ మైక్, బొచ్చు కవర్‌తో | 15–20 సెం.మీ. | బొచ్చు కవర్, ఛాతీ | బట్ట రాపిడి, కవర్ ఊడిపోవడం | తక్కువ |
| ఫోన్ మీద గన్ మైక్ | 1 మీటరు పైనే | పెద్ద బొచ్చు కవర్ ఉంటేనే | కవర్ లేకపోతే ఫోన్ మైక్ కన్నా అధ్వానం | లేదు |
| తర్వాత సాఫ్ట్‌వేర్ | మారదు | ఏమీ లేదు | శబ్దం తెగిన చోట, స్థాయి పడిన చోట | లేదు |

## చోటు, దిశ

గాలి ఎంత ఉందో కళ్లతోనే అంచనా వేయొచ్చు. ముఖానికి గాలి తెలుస్తూ ఆకులు అప్పుడప్పుడు కదులుతుంటే అది సెకనుకు 1.6 నుంచి 3.3 మీటర్ల మధ్య గాలి. ఆకులూ చిన్న కొమ్మలూ ఆగకుండా కదులుతుంటే 3.4 నుంచి 5.4. దుమ్ము, కాగితాలు లేస్తుంటే 5.5 దాటినట్టే. మొదటి స్థాయిలో ఏ కవరూ లేని ఫోన్‌తో ఒడుపుగా నెట్టుకురావచ్చు. రెండో స్థాయిలో ఏదో ఒక అడ్డు తప్పనిసరి. మూడోదానిలో, చోటు మార్చకుండా మైక్ కవర్ల మీదే ఆధారపడితే టెన్షన్ తప్పదు.

గోడ దగ్గరికి వెళ్తే సరిపోదు, గాలి వచ్చే వైపు కాకుండా అవతలి వైపు నిలబడాలి. గోడ చివర, మూల, రెండు భవనాల మధ్య సందు పనికిరావు. అక్కడ గాలి ఇరుకులో దూరి వేగం పెంచుకుంటుంది, సుడులు కూడా ఎక్కువ. మూల నుంచి బాగా లోపలికి, గోడకు దగ్గరగా ఉండాలి. మేడ మీద తీయాల్సి వస్తే పిట్టగోడ చాటున కూర్చోబెట్టి తీయడం మంచిది. నేలకు దగ్గరయ్యేకొద్దీ గాలి వేగం తగ్గుతుంది కాబట్టి అడ్డేమీ లేని మైదానంలో కూడా నిలబడినదాని కన్నా కూర్చున్నదే మేలు.

ఎక్కడ గాలి నెమ్మదిగా ఉందో పట్టుకోవడానికి ఒక సన్నటి కాగితం ముక్కో దారమో చాలు. మైక్ ఉండబోయే ఎత్తులో దాన్ని వేలాడదీసి నిమిషం పాటు చూడాలి. నిటారుగా వేలాడితే ఆ చోటు సరైనది. అన్ని వైపులకూ కొట్టుకుంటుంటే అక్కడ సుడి ఉంది, రెండడుగులు జరగాలి. ముఖానికి గాలి తగలడం లేదని అనిపించినంత మాత్రాన నమ్మకూడదు.

ఇక దిశ. ఎవరు గాలికి వీపు పెట్టాలి అన్నదానికి ఒకే జవాబు లేదు, మైక్ ఎక్కడుందో దాన్ని బట్టి మారుతుంది. ఫోన్ సొంత మైక్‌తో రికార్డ్ చేస్తుంటే ఫోన్ పట్టుకున్న మనిషి గాలికి వీపు పెట్టాలి, అతని ఒళ్లే ఫోన్‌కు అడ్డం. కాలర్ మైక్ అయితే మాట్లాడే మనిషి గాలికి వీపు పెట్టాలి, అప్పుడు ఛాతీ మీది మైక్ చాటులో ఉంటుంది. ఇద్దరూ ఎదురెదురుగా ఉంటారు కాబట్టి రెండూ ఒకేసారి కుదరవు. ఫోన్ మైక్‌కు అలవాటుపడినవాళ్లు కాలర్ మైక్ కొన్నాక కూడా పాత పద్ధతిలోనే నిలబడుతుంటారు, మైక్ మార్చినా హోరు తగ్గలేదని బాధపడుతుంటారు. వీపు నుంచి గాలి వస్తే జుట్టు ముఖం మీద పడుతుంది కాబట్టి కాస్త పక్కకు, ఒక భుజం గాలి వైపు ఉండేలా తిప్పితే ఇబ్బంది తగ్గుతుంది.

చోటు మార్చడంలో నష్టమల్లా దృశ్యం. వెనకాల సముద్రమో పొలమో కనిపించాలని ఆ చోటు ఎంచుకుని ఉంటారు, గోడ చాటుకు వెళ్తే అది పోతుంది. అలాంటప్పుడు మాటను గోడ చాటున తీసి, ఆ మనిషి నడవడం, పని చేయడం విడిగా తీసి మాట మీద వేసుకోవడం మంచి మార్గం. వార్తా వీడియోల్లో ఇది రోజూ జరిగేదే.

## రెండో ఫోన్‌ను మైక్‌లా వాడడం

ఒక ఫోన్‌తో వీడియో తీస్తూ, ఇంకో ఫోన్‌లో వాయిస్ రికార్డర్ ఆన్ చేసి మాట్లాడే మనిషి చేతికివ్వడం. కొత్తగా ఏమీ కొనకుండా దక్కే పెద్ద లాభం ఇదే. ఫోన్ మైకులు అన్ని వైపుల నుంచీ వినే రకం. వీటికి గాలి బెడద గన్ మైక్ కన్నా తక్కువ.

ముందు మైక్ ఏ రంధ్రంలో ఉందో తేల్చుకోవాలి. ఫోన్ అడుగున రెండు వరసల రంధ్రాలుంటే ఒకటి స్పీకర్ కావచ్చు. రికార్డింగ్ ఆన్ చేసి ఒక్కో రంధ్రం పక్కన గోటితో మెల్లగా గీకి, తర్వాత వింటే ఏది మైకో తెలిసిపోతుంది. కెమెరా పక్కన, పైన ఇంకో మైక్ ఉండొచ్చు. వీడియో తీసేటప్పుడు చాలా ఫోన్లు ఒకటికి మించి మైకులు వాడతాయి. అందుకే అడుగు రంధ్రానికి మాత్రమే ఏదో అడ్డం పెట్టి వీడియో తీస్తే వెనక మైక్ నుంచి హోరు యథాతథంగా రావచ్చు.

మైక్ ఉన్న చివర నోటికి 15 నుంచి 20 సెంటీమీటర్ల దూరంలో, గడ్డానికి కాస్త కింద ఉండాలి. నేరుగా నోటి ముందు పెడితే ప, బ, ఫ లాంటి అక్షరాలకు ఊపిరే గాలి దెబ్బలా తగులుతుంది. మందపాటి ఉన్ని సాక్స్ ఫోన్ చివరకు వదులుగా తొడగొచ్చు. ఇక్కడ వదులుగా అన్న మాటే ముఖ్యం. గాలిని ఆపేది బట్ట ఒక్కటే కాదు, బట్టకూ రంధ్రానికీ మధ్య కదలకుండా నిలిచిన గాలి కూడా. బిగించి కడితే ఆ సందు పోయి, మాట మూగబోతుంది, హోరు మాత్రం పెద్దగా తగ్గదు.

ఇబ్బందులు రెండు. చేతిలో ఫోన్ కదిలితే ఆ రాపిడి రికార్డ్ అవుతుంది, మధ్యలో కాల్ వస్తే రికార్డింగ్ ఆగిపోవచ్చు. ఫ్లైట్ మోడ్‌లో పెట్టి, ఒకే పట్టుతో పట్టుకోమని చెప్పాలి. రెండోది, రెండు ఫైళ్లను ఎడిటింగ్‌లో కలపాలి. మొదట్లో కెమెరా ముందు ఒక చప్పట్టు, ముగిశాక ఇంకో చప్పట్టు కొట్టించాలి. మొదటి చప్పట్టు దగ్గర కలిపాక చివరి చప్పట్టు కూడా కలిసిందో లేదో చూడాలి. రెండు ఫోన్ల గడియారాలు కొద్దిగా తేడాగా నడుస్తాయి కాబట్టి పెద్ద రికార్డింగుల్లో పెదవుల కదలిక, మాట నెమ్మదిగా విడిపోతాయి. అలా జరిగితే మధ్యలో ఒక విరామం దగ్గర ఫైల్‌ను కోసి జరిపితే సరిపోతుంది.

## కాలర్ మైక్

నా ఓటు దీనికే, ఒక షరతుతో: దాని మీద బొచ్చు కవర్ ఉండాలి. కొన్నప్పుడు వచ్చే చిన్న నల్ల స్పాంజి టోపీ ఊపిరి దెబ్బలకు, చిరుగాలికి సరిపోతుంది. ఆకులు ఆగకుండా కదిలే గాలికి అది చాలదు. బొచ్చు కవర్‌లో పొడవాటి పోగులు గాలిని కొంచెం కొంచెంగా నెమ్మదింపజేస్తాయి, లోపలి స్పాంజి చుట్టూ గాలి దాదాపు కదలకుండా ఉంటుంది. కవర్ ఎంత పెద్దదైతే అంత మేలు. బొచ్చు తడిసి అతుక్కుపోతే పనిచేయదు, ఆరబెట్టి దువ్వాలి. స్వరంలో పైస్థాయి ధ్వనులు కాస్త మెత్తబడతాయి గానీ, మాటకు అది పెద్ద లోటు కాదు.

పెట్టే చోటు గడ్డం కింద ఒక జానెడు లోపు, ఛాతీ మధ్యలో. మరీ పైన, గొంతు కింద పెడితే గడ్డం చాటున మాట మూగగా వస్తుంది. పల్చటి మెత్తని బట్ట లోపల దాస్తే ఆ బట్ట ఇంకో అడ్డుగా పనిచేస్తుంది, అయితే గాలికి బట్ట రెపరెపలాడి మైక్‌కు రాసుకుంటే హోరు పోయి గరగర వస్తుంది. గంజి పెట్టిన బట్ట, సింథటిక్ బట్ట ఇందుకు అసలు పనికిరావు. గాలి బాగా ఉన్నప్పుడు దాచడం కన్నా బొచ్చు కవర్‌తో బయట కనిపించేలా పెట్టడమే మంచిది. ఫ్రేములో చిన్న బొచ్చు ముద్ద కనిపిస్తే చూసేవాళ్లు పట్టించుకోరు, మాట వినపడకపోతే వీడియో మూసేస్తారు.

వైర్ ఉన్నదా, వైర్‌లెస్సా? వైర్ ఉన్నదానికి బ్యాటరీ బెంగ లేదు, సిగ్నల్ తెగదు. కానీ ఫోన్‌కు సరిపడే పిన్ ఉండాలి. ఫోన్ల కోసం చేసిన పిన్ను మీద మూడు నల్ల గీతలుంటాయి, కెమెరాల కోసం చేసినదాని మీద రెండే. రెండు గీతలది నేరుగా గుచ్చితే ఫోన్ దాన్ని గుర్తించక తన సొంత మైక్‌తోనే రికార్డ్ చేస్తూ పోతుంది. స్క్రీన్ మీద ఏ హెచ్చరికా రాదు. రికార్డింగ్ పెట్టి కాలర్ మైక్‌ను గోటితో తట్టి వింటే ఏ మైక్ పనిచేస్తోందో తేలిపోతుంది.

వైర్‌లెస్ అయితే నడుస్తూ మాట్లాడించవచ్చు. వీటిలో చాలావాటికి ఛాతీకి పెట్టే డబ్బాలోనే మైక్ ఉంటుంది, బొచ్చు కవర్ దాని మీద నొక్కి బిగించేలా వస్తుంది. గాలికి, బట్ట తగిలి ఆ కవర్ ఊడిపోవడం మామూలే, ఇంటర్వ్యూ మధ్యలో ఒకటి రెండుసార్లు కంటితో చూసుకోవాలి. కొన్నిటిలో లో కట్ అనే మీట ఉంటుంది. బయట ఎప్పుడూ ఆన్‌లో ఉంచండి. ఫోన్ రికార్డింగ్ స్థాయిని లెక్కకట్టక ముందే లోతైన ధ్వని తగ్గిపోతుంది కాబట్టి, హోరు వచ్చినప్పుడల్లా ఫోన్ మాటను కిందికి లాగే గొడవ తగ్గుతుంది. తర్వాత ఎడిటింగ్‌లో అదే కట్ వేస్తే ఈ లాభం దక్కదు. నాయిస్ క్యాన్సిల్ మీట మాత్రం వేరు. అది మాటను కూడా తింటుంది, నీళ్లలోంచి మాట్లాడినట్టు చేస్తుంది. ముందుగా పరీక్షించి చూడకుండా ఆన్ చేయవద్దు.

## గన్ మైక్

ఫోన్ మీద బిగించే చిన్న గన్ మైక్ చూడ్డానికి వృత్తి పరికరంలా ఉంటుంది, గాలి సమస్యకు మాత్రం ఇది తప్పు జవాబు. ఒక వైపు నుంచి ఎక్కువ వినే మైకులన్నీ పొరకు రెండు వైపులా ఒత్తిడి తేడాను బట్టి పనిచేస్తాయి. అన్ని వైపులా వినే మైక్ కన్నా వీటికి గాలి బాగా ఎక్కువగా తగులుతుంది. పైగా మైక్ ఫోన్ మీదే ఉంది కాబట్టి నోటికి దూరం ఏమీ తగ్గలేదు. పక్కల నుంచి వచ్చే వాహనాల చప్పుడును కాస్త తగ్గించడానికి ఇది పనికొస్తుంది. ఇప్పటికే మీ దగ్గర ఉంటే స్పాంజితో సరిపెట్టకుండా పూర్తి బొచ్చు కవర్ తొడిగి, ఫ్రేము అంచు దాకా నోటికి దగ్గరగా తీసుకెళ్లి వాడండి. గాలి కోసమే కొనేట్టయితే వద్దు.

## ఒక సందర్భం, లెక్కతో సహా

ఎత్తయిన బయలు ప్రదేశంలో ఒక పెద్దాయనతో పదిహేను నిమిషాల ఇంటర్వ్యూ అనుకుందాం. చిన్న కొమ్మలు ఆగకుండా కదులుతున్నాయి. తీసేది ఒక్కరే, ఫోన్ స్టాండ్ మీద 1.5 మీటర్ల దూరంలో ఉంది. దగ్గర వైర్ ఉన్న కాలర్ మైక్, ఒక బొచ్చు కవర్, ఇయర్‌ఫోన్స్ ఉన్నాయి.

ముందు ఫోన్ మైక్‌తోనే అర నిమిషం మాట్లాడించి ఇయర్‌ఫోన్స్‌లో వినాలి. ఫోన్ స్పీకర్‌లో వింటే మోసపోతారు. అంత చిన్న స్పీకర్ లోతైన ధ్వనులను పలికించలేదు కాబట్టి హోరు దాదాపు వినపడదు, బాగానే ఉందనిపిస్తుంది. తర్వాత మంచి స్పీకర్‌లో విన్నవాళ్లకు భూకంపంలా వినిపిస్తుంది. ఇక్కడ ఇయర్‌ఫోన్స్‌లో హోరు ఆగకుండా ఉంది, గాలి రివ్వున వీచినప్పుడు మాటలే మాయమవుతున్నాయి.

కాస్త దూరంలో ఒక గది గోడ ఉంది. కాగితం ముక్క పట్టుకుని గోడ అవతలి వైపుకు వెళ్తే, మూల దగ్గర అది పిచ్చిగా కొట్టుకుంది, నాలుగడుగులు లోపలికి వెళ్లాక మెల్లగా ఊగుతోంది. గాలి కనీసం సగమైందనుకుంటే హోరు 12 డెసిబెల్స్ తగ్గినట్టు. పెద్దాయనను గోడ వారన ఒక స్టూల్ మీద, ఒక భుజం గాలి వచ్చే వైపు ఉండేలా కూర్చోబెట్టారు. కాలర్ మైక్ నోటికి 20 సెంటీమీటర్ల దూరంలో పెట్టారు. 1.5 మీటర్ల నుంచి 20 సెంటీమీటర్లకు రావడం వల్ల మాట సుమారు 17 డెసిబెల్స్ బలపడింది. రెండూ కలిపితే మాటకూ హోరుకూ మధ్య తేడా సుమారు 29 డెసిబెల్స్ పెరిగింది, అంటే మాటతో పోలిస్తే హోరు దాదాపు ముప్పయ్యో వంతుకు తగ్గింది. బొచ్చు కవర్ లాభం ఇంకా ఇందులో కలపలేదు.

ఈ లెక్క నిలకడగా వీచే గాలికి. మధ్యమధ్య గాలి రెట్టింపు వేగంతో వీస్తే గోడ ఇచ్చిన 12 డెసిబెల్స్ ఆ క్షణానికి పోతాయి. బొచ్చు కవర్ అక్కరకు వచ్చేది సరిగ్గా అప్పుడే. వైరును బట్టకు ఒక చిన్న చుట్టుగా తిప్పి టేపు వేశారు, అది లాగినప్పుడు మైక్ కదలకుండా. మళ్లీ అర నిమిషం పరీక్ష చేస్తే ఇయర్‌ఫోన్స్‌లో సన్నటి గుమగుమ మాత్రమే మిగిలింది. ఇది తర్వాత సులువుగా పోయే రకం. ఇలా సర్దుకోవడానికి పది నిమిషాలు పడితే పట్టనివ్వండి.

## సాఫ్ట్‌వేర్ చేయగలిగింది, చేయలేనిది

లోతైన ధ్వనులను కోసే హై పాస్ ఫిల్టర్ ఒక్కటే నమ్మదగ్గ ఆయుధం. ఆడాసిటీ అనే ఆడియో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో `High-Pass Filter` అని ఉంటుంది. మగగొంతుకు 80 నుంచి 100 హెర్ట్జ్ దగ్గర, ఆడగొంతుకు 120 నుంచి 150 దగ్గర మొదలుపెట్టండి. `Roll-off` అనే కోత పదును 24 డెసిబెల్స్ ఉంచండి. మగగొంతుకు 150 దాకా పోయినా మాట అర్థమవుతుంది, పై స్వరాల నుంచి మన చెవి మూలస్వరాన్ని ఊహించుకుంటుంది. కానీ గొంతు పల్చబడి, టెలిఫోన్‌లో మాట్లాడినట్టు ఉంటుంది. కంప్యూటర్‌లో కమాండ్లు వాడేవాళ్లకు, వీడియోను ముట్టుకోకుండా ఇదే పని చేసేది:

```
ffmpeg -i input.mp4 -af "highpass=f=100,highpass=f=100" -c:v copy output.mp4
```

ఒక్కో `highpass` 12 డెసిబెల్స్ చొప్పున కోస్తుంది, అందుకే రెండుసార్లు రాశాం. `100` బదులు మీ గొంతుకు తగిన అంకె వేసుకోవచ్చు.

ఫిల్టర్ వేశాక గాలి వీచిన చోట్ల ఇంకా చరచర వినిపిస్తుంటే అక్కడ శబ్దం తెగిపోయిందని అర్థం. తెగినప్పుడు పుట్టే చప్పుడు పైస్థాయి ధ్వనుల దాకా పాకుతుంది, ఫిల్టర్ అంకె పెంచితే పోదు. నాయిస్ రిడక్షన్ కూడా ఇక్కడ అంతంతే. అది ఒకే తీరుగా సాగే ఫ్యాన్ మోత లాంటివాటికి బాగా పనిచేస్తుంది, క్షణక్షణం మారే గాలికి కాదు.

కొన్ని ఫోన్ల కెమెరా సెట్టింగ్స్‌లో గాలి చప్పుడు తగ్గించే మీట ఉంటుంది. ఫోన్ మైక్‌తో తీస్తుంటే ఆన్ చేసి ఒక పరీక్ష, ఆపి ఒక పరీక్ష చేసి పోల్చుకోండి. బొచ్చు కవర్‌తో ఉన్న కాలర్ మైక్ వాడుతుంటే సాధారణంగా దాని అవసరం రాదు.

## ఎవరికి ఏది

అప్పటికప్పుడు ఎదురైన మనిషితో రెండు నిమిషాల మాట తీసుకునేవాళ్లకు మైకులు తగిలించే సమయం ఉండదు. వాళ్లకు చోటు, దిశ, దగ్గరితనమే దిక్కు. గోడ చాటు, ఫోన్ పట్టినవాళ్ల వీపు గాలికి, చేయి చాచినంత దూరం కన్నా దగ్గర. ముఖం, భుజాలు మాత్రమే ఫ్రేములో పడతాయి, అయినా ఫర్వాలేదు.

ఏడాదికి ఒకటో రెండో ఇంటర్వ్యూలు తీసేవాళ్లు, అంటే ఇంట్లో పెద్దవాళ్ల జ్ఞాపకాలు రికార్డ్ చేసుకునేవాళ్లు, రెండో ఫోన్‌తో సరిపెట్టుకోవచ్చు. చేతులు వణికే పెద్దవాళ్లయితే చేతికివ్వకుండా ఫోన్‌ను మైక్ చివర పైకి ఉండేలా చొక్కా జేబులో పెట్టండి. దూరం కాస్త పెరుగుతుంది, కానీ చేతి రాపిడి ఉండదు.

వారం వారం బయట తీసేవాళ్లకు కాలర్ మైకే. కూర్చోబెట్టి మాట్లాడించేవాళ్లకు వైర్ ఉన్నది, నడిపిస్తూ మాట్లాడించేవాళ్లకు వైర్‌లెస్. రెండిట్లో ఏది కొన్నా అదనంగా ఇంకో రెండు బొచ్చు కవర్లు సంచిలో ఉండాలి, పోయేది ఎప్పుడూ అవే. నడక ఇంటర్వ్యూలో ఇంకో సంగతి చూడాలి. నడక వేగం కూడా గాలిలో కలుస్తుంది. గాలికి ఎదురు నడిస్తే హోరు పెరుగుతుంది, గాలితో పాటు నడిస్తే తగ్గుతుంది. నడిచే దిశను ముందే నిర్ణయించుకుంటే మైక్ మీద భారం సగం తగ్గినట్టే.

ఇప్పటికే తీసేసి, హోరుతో నిండిన ఫైల్ పట్టుకుని కూర్చున్నవాళ్లు ఒక పని చేయండి. ఫిల్టర్ వేసి ఇయర్‌ఫోన్స్‌తో మొత్తం వింటూ, మాట తెగిన చోట్ల సమయాన్ని రాసుకోండి. అవి నాలుగైదు మాటలే అయితే కింద అక్షరాలు వేసి కానివ్వొచ్చు. ముఖ్యమైన జవాబులే పోయుంటే ఆ మనిషికి ఫోన్ చేసి, ఆ రెండు ప్రశ్నలకు మాత్రం గదిలో కూర్చుని మళ్లీ జవాబు చెప్పి పంపమని అడగండి. ఆ గొంతును మీరు విడిగా తీసుకున్న దృశ్యాల మీద వేసుకోవచ్చు.